రాజీనామా ఈరోజా, ఆఫర్ వచ్చాకా? నోటీసు కాలం చుట్టూ తిరిగే లెక్క

మనశ్శాంతి లేని ఉద్యోగంలో ఉన్నవారికి సలహాలకు కొదవ ఉండదు. స్నేహితులు ‘రేపే మానేసెయ్, ఆరోగ్యం కంటే ఏదీ ఎక్కువ కాదు’ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు ‘చేతిలో ఇంకోటి పడేదాకా కిమ్మనకుండా చేసుకో, ఈ రోజుల్లో ఎవరిస్తారు ఉద్యోగం’ అంటారు. రెండు సలహాల్లోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ రాజీనామాను ఒకే ఒక్క రోజున జరిగే సంఘటనగా చూస్తాయి. నిజానికి అక్కడ కనీసం నాలుగు తేదీలు ఉంటాయి: రాజీనామా ఇచ్చే రోజు, ఆఖరి పనిదినం, చివరి డబ్బు ఖాతాలో పడే రోజు, కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఆగిపోయే రోజు. ఈ నాలుగింటి మధ్య దూరం ఎంతో తెలిస్తే, ‘మానాలా వద్దా’ అన్న ప్రశ్న ‘ఏ తేదీని ఎక్కడ పెట్టుకోవాలి’ అన్న ప్రశ్నగా మారుతుంది. రెండో ప్రశ్నకు కాగితం మీద జవాబు రాబట్టవచ్చు.

విశాఖలో ఈ సమస్య ఎక్కువగా వినిపించే చోట్లలో ఫార్మా ఒకటి. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్నా, అక్కడి ల్యాబుల్లోనూ ప్లాంట్లలోనూ పనిచేసేవారిలో చాలామంది గాజువాక, కూర్మన్నపాలెం, ఎన్‌ఏడీ ప్రాంతాల నుంచి కంపెనీ బస్సుల్లో వెళ్లివచ్చేవారే. కాబట్టి ఈ వ్యాసానికి ఆ రంగం నుంచే ఒక ఉదాహరణ తీసుకుంటున్నాను. వ్యక్తి కల్పితం, అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. చట్టం, బీమా, వైద్యం గురించి చెప్పేవి మాత్రం ఎవరికైనా వర్తించేవే.

అతన్ని సతీష్ అందాం. వయసు 31, నాణ్యతా పరీక్షల విభాగంలో అనలిస్టు, పని మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాల మీద. ఎ, బి, సి షిఫ్టులు వారం వారం మారుతుంటాయి, సి అంటే రాత్రి షిఫ్టు. కొత్తగా వచ్చిన సెక్షన్ హెడ్ అందరి ముందూ తిడతాడు, సి షిఫ్టు చేసి ఇంటికి వచ్చి పడుకున్నాక కూడా ఫోన్లు చేస్తాడు, సెలవు అడిగితే అప్రైజల్ గుర్తుచేస్తాడు. సతీష్ ఈ కంపెనీలో చేరి నాలుగేళ్ల మూడు నెలలైంది. చేతికి వచ్చే జీతం 42,000 రూపాయలు, అందులో బేసిక్ 21,000. నియామక పత్రం ప్రకారం నోటీసు రెండు నెలలు. భార్య ఇంటి దగ్గరే ఉంటుంది, పాప ఎల్‌కేజీ, అమ్మానాన్నలు శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఉంటారు.

ఖర్చు లెక్క, చీటీతో సహా

మొదట వేయాల్సింది జీతం లెక్క కాదు, తప్పించుకోలేని ఖర్చు లెక్క. సతీష్ ఇంట్లో అద్దె 9,000, సరుకులు, పాలు, గ్యాస్ కలిపి 10,000, పాప బడి 3,000, బండి వాయిదా 3,200, అమ్మానాన్నల మందులకు 3,000, కరెంటు, ఫోను, పెట్రోలు 2,800. వీటికి తోడు నెలకు 5,000 చీటీ ఉంది. చాలామంది చీటీని పొదుపు కింద రాసుకుని ఖర్చులో వదిలేస్తారు. పాడుకోని చీటీ అయితే అది కొంతవరకు నిజమే కానీ, చెల్లెలి పెళ్లికి సతీష్ దీన్ని నిరుడే పాడేశాడు. పాడేసిన చీటీ అప్పుతో సమానం, అందులోనూ ఉద్యోగం పోయిందని చీటీవాళ్లు ఆగరు. ఇలా మొత్తం 36,000 అవుతుంది. ఉద్యోగం లేని నెలల్లో దీనికి మరో 2,500 కలుపుకోవాలి: సొంత ఆరోగ్య బీమాకు 1,500, ఇంటర్వ్యూల తిరుగుడుకు 1,000. అంటే జీతం లేని ప్రతి నెలా ఈ కుటుంబానికి 38,500 కావాలి.

చేతిలో ఉన్నది 1,40,000 రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్. పీఎఫ్ సొమ్మును ఇందులో కలపడం నాకు సమ్మతం కాదు. మొత్తం సర్వీసు ఐదేళ్లు నిండకముందే తీసుకుంటే ఆ మొత్తం పన్ను పరిధిలోకి వస్తుంది, 50,000 దాటితే పాన్ ఉన్నా పది శాతం మూలంలోనే కోసుకుంటారు. కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా కలిసివస్తుంది. ఇంట్లో బంగారం ఉంటే అది ఆఖరి ఆసరా. అవసరం పడితే దాని మీద తీసుకునే అప్పుకు సాధారణంగా వ్యక్తిగత రుణం కంటే వడ్డీ తక్కువే, కానీ దాన్ని ముందే లెక్కలో వేసుకుంటే ధైర్యం ఉండాల్సినదాని కంటే ఎక్కువవుతుంది.

ఇప్పుడు అక్టోబరు 1 అనుకుందాం. సెప్టెంబరు జీతం నిన్న పడింది, అది అక్టోబరు ఖర్చుకు సరిపోతుంది. సతీష్ ముందు మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, ఈరోజే మానేయడం. నోటీసు చేయనందుకు రెండు నెలల బేసిక్, అంటే 42,000 కట్టాలి. పది రోజుల ఆర్జిత సెలవులకు వచ్చే 8,000 మినహాయిస్తే 34,000 చెల్లించి రిలీవింగ్ లెటర్ తెచ్చుకోవాలి. (కొన్ని కంపెనీల్లో ఈ కోత బేసిక్ మీద కాక మొత్తం జీతం మీద ఉంటుంది. నియామక పత్రంలోని ఆ ఒక్క వాక్యం వేలల్లో తేడా తెస్తుంది కాబట్టి, కోపం వచ్చిన రోజున ముందుగా తెరవాల్సింది ఆ కాగితాన్ని.) మిగిలిన 1,06,000తో నవంబరు, డిసెంబరు గడుస్తాయి. జనవరి 1 నాటికి చేతిలో 29,000 ఉంటుంది. అంటే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి దొరికేది మూడు నెలలు.

రెండోది, చేతిలో ఆఫర్ లేకుండానే ఈరోజు రాజీనామా ఇచ్చి, నోటీసు పూర్తి చేయడం. నవంబరు 30 ఆఖరి పనిదినం. అక్టోబరు జీతం మామూలుగానే వస్తుంది. చివరి నెల జీతాన్ని మాత్రం చాలా కంపెనీలు తుది సెటిల్‌మెంట్‌లోనే ఇస్తాయి. రాజీనామా చేసినవారికి రెండు పనిదినాల్లో బకాయిలు చెల్లించాలని 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల స్మృతి చెబుతోంది. అయినా ఆ డబ్బు నెలన్నర తర్వాత వస్తుందన్నట్టుగానే లెక్క వేసుకోవడం క్షేమం. నవంబరు జీతం 42,000, సెలవుల సొమ్ము 8,000 కలిపి 50,000 జనవరి మధ్యకు వస్తుందనుకుంటే, డిపాజిట్‌తో కలిపి 1,90,000. డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు నెలలకు 1,54,000 పోగా, మార్చి చివర 36,000 మిగులుతుంది. వెతుక్కోవడానికి ఆరు నెలలు.

ఒకే డిపాజిట్, ఒకే ఇల్లు, కానీ నోటీసు చేయడానికీ చేయకపోవడానికీ మధ్య తేడా మూడు నెలల కాలం. ‘రేపే మానేసెయ్’ అనే సలహా అసలు ధర ఇది.

ఆఫర్ వచ్చేదాకా ఉండటానికీ ధర ఉంది

మూడో దారి అందరూ సురక్షితం అనుకునేది. ఇందులో డబ్బు ఆగదు, నిజమే. కానీ ఆఫర్ వచ్చిన రోజున సతీష్ బయటపడడు. ఆరోజు రాజీనామా ఇస్తాడు, ఆ తర్వాత మరో రెండు నెలలు అదే సెక్షన్ హెడ్ కింద, అదీ వెళ్లిపోతున్నాడని తెలిసిన సెక్షన్ హెడ్ కింద, పనిచేయాలి. వెతుకులాటకు మూడు నెలలు పట్టిందనుకుంటే, మూడో దారిలో ఫిబ్రవరి చివరి దాకా అక్కడే ఉంటాడు. రెండో దారిలో నోటీసూ వెతుకులాటా ఒకేసారి సాగుతాయి కాబట్టి, అదే మూడు నెలల వెతుకులాటకు నవంబరు 30న బయటికి వచ్చి జనవరి 1న కొత్తచోట చేరతాడు. మధ్యలో జీతం లేనిది డిసెంబరు ఒక్కటే.

పైగా ఫార్మా నియామకాల్లో మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి ‘నోటీసు ఎంత?’ అన్నది. ఆదివారాల్లో జరిగే వాక్-ఇన్ ఇంటర్వ్యూలకు వెళ్లినవారికి ఇది అనుభవమే. ఖాళీ పోస్టుకు నెలలోపు మనిషి కావాలనుకునేవాడు, రెండు నెలల తర్వాత వస్తాననేవాడి కంటే ఇప్పటికే నోటీసులో ఉండి ఇరవై రోజుల్లో వస్తాననేవాడివైపు మొగ్గుతాడు. చేతిలో ఉద్యోగం లేకపోతే జీతం దగ్గర బేరమాడే బలం తగ్గుతుందన్న మాటా అబద్ధం కాదు. కానీ నోటీసు కాలంలో ఉన్నవాడు ఇంకా ఉద్యోగే. బేరం నిజంగా బలహీనపడేది ఆఖరి పనిదినం దాటి ఒకటి రెండు నెలలయ్యాకనే.

అయితే ఈ లెక్క రెండో దారికి అనుకూలంగా ముగిసిపోయిందనుకుంటే పొరపాటు, ఎందుకంటే గ్రాట్యుటీ ఉంది. సాధారణ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది నిరంతర సర్వీసుగా లెక్క కాబట్టి, నాలుగేళ్ల మీద 240 రోజులు పూర్తయితే అర్హత వస్తుందని మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చింది. దీన్ని పాటించే కంపెనీలు ఉన్నాయి, ఐదేళ్లూ నిండాల్సిందేనని పట్టుబట్టేవీ ఉన్నాయి. సతీష్ జులైలో చేరాడు కాబట్టి, అతని కంపెనీ ఈ వాదనను ఒప్పుకుంటే ఫిబ్రవరి చివరికి కాస్త అటూ ఇటుగా అర్హుడవుతాడు. మొత్తం ఎంతంటే, బేసిక్ 21,000ను 15తో హెచ్చించి 26తో భాగించి ఐదేళ్లతో గుణిస్తే దాదాపు 60,600 రూపాయలు.

ఇప్పుడు రెండో దారికీ మూడో దారికీ ఉన్న తేడాను ఒకే అంకెగా చెప్పవచ్చు. రెండో దారిలో డిసెంబరు జీతం 42,000 రాదు, ఉద్యోగం లేని నెల అదనపు ఖర్చు 2,500 పడుతుంది, గ్రాట్యుటీ 60,600 వదులుకోవాలి. కలిపితే దాదాపు 1,05,000. దానికి బదులుగా దొరికేది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మూడు నెలలు ఆ ల్యాబులో లేకపోవడం. నెలకు 35,000 చొప్పున. ఆ మూడు నెలలను ఆ ధరకు కొనుక్కోవాల్సినంత అవసరం ఉందా లేదా అన్నది జీతం కాగితం చెప్పదు, ఒంటి పరిస్థితి చెబుతుంది.

ఈ లెక్కకు ముందు తనను తాను అడుగుకోవాల్సిన ప్రశ్న ఇంకోటుంది: గత నెల రోజుల్లో ఎన్ని చోట్లకు దరఖాస్తు పంపాను? జవాబు సున్నా అయితే, అతను ఎంచుకున్నది మూడో దారి కానే కాదు, ఊరికే ఉండిపోవడం. సి షిఫ్టు చేసి వచ్చి, నిద్రపట్టక, రెజ్యూమె తెరిస్తేనే విసుగు పుట్టే మనిషికి ‘ఉద్యోగం చేస్తూనే వెతుక్కో’ అని చెప్పడం తేలిక. వెతకడానికి కూడా ఓపిక కావాలి, ఆ ఓపికనే ఈ ఉద్యోగం తినేస్తోంది. ఇలాంటి స్థితిలో ఇంటర్వ్యూకు వెళ్లినా మనిషి తేలిపోతాడు, తెలిసిన విషయాలే గుర్తురావు, పాత కంపెనీ ఎందుకు మానేస్తున్నారని అడిగితే గొంతు మారిపోతుంది. మూడు నెలల్లో దొరకాల్సింది ఆరు నెలలైనా దొరకకపోవడానికి ఇదొక కారణం.

ఒంటిని కొలిచే పద్ధతి

పని ఒత్తిడి వల్ల వచ్చే తీవ్రమైన అలసటను, అంటే బర్నౌట్‌ను, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా కాక వృత్తికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది. దానికి మూడు గుర్తులు చెప్పింది: శక్తి హరించుకుపోవడం, పని మీద విముఖత పెరగడం, పనిలో సామర్థ్యం తగ్గినట్టు అనిపించడం. ఈ మూడూ ఉన్నా, సెలవు దొరికితే మనిషి తేరుకుంటున్నాడంటే ఇంకా కొంత వ్యవధి ఉన్నట్టే. తేరుకోలేకపోతుంటే అది కుంగుబాటో, ఆందోళన రుగ్మతో అయ్యే అవకాశం ఉంది, అప్పుడు అది వైద్యుడు చూడాల్సిన విషయం. వైద్యులు సాధారణంగా చూసే గడువు రెండు వారాలు: దాదాపు రోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు కుంగిపోయి ఉండటం, లేదా ఇదివరకు ఇష్టమైన వాటి మీద ఆసక్తి చచ్చిపోవడం, వీటికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడటం.

షిఫ్టుల్లో పనిచేసేవారి విషయంలో ఒక చిక్కుంది. నిద్ర చెడింది సి షిఫ్టు వల్లనా, సెక్షన్ హెడ్ వల్లనా అన్నది వారికే తెలియదు. తేల్చుకోవడానికి నాకు తెలిసిన మంచి మార్గం వారాంతపు సెలవు కాదు, ఎందుకంటే ఒక్కరోజులో ఏమీ తేలదు. వైద్యుణ్ని కలిసి, అవసరమని ఆయన భావిస్తే పది పన్నెండు రోజుల వైద్య సెలవు తీసుకోవడమే మార్గం. ఆ రోజుల్లో మూడు విషయాలు చిన్న పుస్తకంలో రాసుకుంటే చాలు: ఎన్ని గంటలు నిద్రపట్టింది, ఉదయం కూర్చుని ప్రశాంతంగా ఉన్నప్పుడు చూసిన రక్తపోటు ఎంత, ఆరోజు ఉద్యోగం గురించి ఆలోచిస్తూ గడిపింది ఎంతసేపు. నాలుగైదు రోజుల్లో నిద్ర దారికి వచ్చి, తిరిగి వెళ్లాక కూడా రెండు వారాలు నిలిచిందంటే ఆ మనిషికి కావాల్సింది విశ్రాంతి, బహుశా షిఫ్టు మార్పు. సెలవులో బాగుపడి, తిరిగి వెళ్లాల్సిన రోజు దగ్గర పడుతున్నకొద్దీ మళ్లీ చెడిందంటే కారణం ఆ చోటే. సెలవులోనూ ఏమీ మారకపోతే ముందు వైద్యం, ఆ తర్వాతే రాజీనామా గురించి ఆలోచన. కుంగుబాటులో ఉన్న మనిషికి అన్ని దారులూ మూసుకుపోయినట్టే కనిపిస్తాయి కాబట్టి, ఆ స్థితిలో తీసుకునే పెద్ద నిర్ణయాలు ఎటువైపైనా తప్పే అవకాశం ఎక్కువ.

నెలకు 21,000 లోపు వేతనంతో ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. నిర్ణీత చందా షరతులు తీరితే, వైద్యుడు ధృవీకరించిన అనారోగ్య సెలవుకు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా చెల్లిస్తారు. మానేశాక కాదు, ఉద్యోగంలో ఉండగానే వాడుకోవాల్సిన హక్కు ఇది. చాలామంది ముందు రాజీనామా ఇచ్చి, తర్వాత ఆసుపత్రికి వెళ్తారు. ఆ వరుస తిరగబడాలి.

డబ్బు లెక్కను పక్కన పెట్టేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనలు వస్తుంటే ఆరోజే ఎవరికైనా చెప్పాలి. 14416 నంబరులో టెలీ మానస్ సేవ ఉచితంగా, ఏ వేళలోనైనా, తెలుగులోనూ దొరుకుతుంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. నిద్ర కోసం మద్యం తాగడం అలవాటవుతుంటే, రాత్రి షిఫ్టు ముగించుకుని జాతీయ రహదారి మీద బండి నడుపుతూ కునుకు తీసిన సంఘటన ఒక్కటైనా ఉంటే, ల్యాబులో ద్రావకాలతో పనిచేస్తూ ఇదివరకు చేయని పొరపాట్లు చేస్తుంటే, రెండు నెలల నోటీసు కోసం ఓర్చుకోమనడం నాకు సమ్మతం కాదు. ఛాతీలో నొప్పి వస్తే అది ఒత్తిడేలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని వేరే చెప్పనక్కర్లేదు.

ఫార్మాకు ప్రత్యేకమైన మరో సందర్భం ఉంది. బ్యాచ్ గట్టెక్కించడానికి యంత్రం గీసిచ్చే గ్రాఫులో, అంటే క్రోమటోగ్రామ్‌లో, పీకు కొలత అనుకూలంగా వచ్చేలా మళ్లీ ఇంటిగ్రేట్ చేయమనో, లాగ్‌బుక్కులో పాత తేదీ వేసి సంతకం పెట్టమనో పైవాళ్లు ఒత్తిడి చేస్తుంటే, అక్కడ గడిపే ప్రతి వారమూ ప్రమాదమే. చెప్పినవాడి మాట గాలిలో పోతుంది, చేసినవాడి లాగిన్ మాత్రం, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే ఆడిట్ ట్రయల్‌లో ఉండిపోతుంది. రేపు తనిఖీకి వచ్చిన అధికారులు చూసేది ఆ లాగిన్‌నే. ఇలాంటప్పుడు ఎదురుచూడటం వల్ల ఆరోగ్యంతో పాటు భవిష్యత్తు సంపాదన కూడా పోతుంది. లైంగిక వేధింపుల విషయం వేరు. దానికి 2013 చట్టం కింద మూడు నెలల్లోగా అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు, విచారణ సాగుతుండగా బాధితురాలికి మూడు నెలల దాకా సెలవు ఇవ్వాలని కమిటీ సిఫారసు చేయవచ్చు. కాబట్టి రాజీనామా మొదటి అడుగు కానవసరం లేదు.

బీమా తేదీ

నాలుగు తేదీల్లో అందరూ మరిచేది ఇదే. కంపెనీ గ్రూపు బీమా సాధారణంగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. ఆ తర్వాత సొంతంగా పాలసీ తీసుకుంటే, ప్రమాదాలు మినహా మిగతా చికిత్సలకు మొదటి 30 రోజులు వర్తించదు. అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండవచ్చు. రక్తపోటు ఉందని తేలితే ఆ విషయం దరఖాస్తులో రాసి తీరాలి, దాచితే క్లెయిమ్ రోజున బయటపడుతుంది. అదే బీమా సంస్థలో గ్రూపు పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం ఉంటుంది, అలా మారితే గడిచిన నిరీక్షణ కాలం కలిసివస్తుంది. కానీ ఆ దరఖాస్తును కవరేజీ ఉండగానే పెట్టాలి. అందువల్ల పాలసీ పని రాజీనామాకు ముందే మొదలుకావాలి, ఆ 30 రోజులూ కంపెనీ బీమా నీడలోనే గడిచిపోయేలా. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, అదొక చిన్న ఊరట. మానసిక వ్యాధులకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి కాబట్టి, వైద్యుడి ఫీజు, నెలవారీ మందుల ఖర్చు జేబులోంచే పోతుందని లెక్కలో రాసుకోవాలి.

సతీష్ స్థానంలో నేనుంటే అక్టోబరు 1న రాజీనామా ఇవ్వను, ఫిబ్రవరి దాకా ఆగుతానని మాటా ఇవ్వను. ఆ వారంలోనే వైద్యుణ్ని కలిసి, సెలవు మీద వెళ్లి, బీమా దరఖాస్తు పెడతాను. సెలవులోనే రెజ్యూమె సరిచేసి, పరవాడ, అచ్యుతాపురం బయట, హైదరాబాద్ కంపెనీలకు కూడా పంపుతాను. ఈ చుట్టుపక్కల కంపెనీల్లో సెక్షన్ హెడ్లు ఒకరికొకరు తెలిసినవారే అయివుంటారు, వెతుకుతున్నట్టు కబురు చేరిపోవచ్చు. ఇల్లు మారాల్సి వస్తే అద్దె, బడి ఫీజు ఎలా పెరుగుతాయో భార్యతో కూర్చుని ముందే లెక్క వేస్తాను. పనిలోకి తిరిగి వెళ్లాక రెండు వారాలు పుస్తకంలో రాస్తాను. నిద్ర మళ్లీ ఐదు గంటలకు పడిపోయి, రక్తపోటు 140/90 పైన నిలిచిపోతే, ఎవరి ఆఫరూ లేకున్నా నవంబరు 1న రాజీనామా ఇస్తాను. గ్రాట్యుటీ 60,600 అని తెలిసే వదులుకుంటాను. నిలదొక్కుకున్నానంటే మాత్రం, 240 రోజుల వాదనను కంపెనీ ఒప్పుకుంటుందో లేదో హెచ్‌ఆర్‌తో మెయిల్‌లో రాబట్టుకుని, నోటీసు ఆ తేదీకి కలిసేలా డిసెంబరు చివర ఇస్తాను. రెండు సందర్భాల్లోనూ తేదీ ముందే కాగితం మీద ఉంటుంది. సెక్షన్ హెడ్ తిట్టిన రోజున అది ముందుకు జరగదు, మామగారు ఫోన్ చేసిన రోజున వెనక్కి జరగదు.

రాజీనామా మెయిల్‌లో ఫిర్యాదులు రాయకూడదు. తేదీ, నియామక పత్రం ప్రకారం ఆఖరి పనిదినం, వీలైతే ముందుగా రిలీవ్ చేయమన్న అభ్యర్థన, అంతే. వైద్యుడి ధృవపత్రం జతచేస్తే నోటీసు తగ్గించే కంపెనీలు ఉన్నాయి, అడిగితే పోయేదేమీ లేదు. ఒకవేళ వాక్-ఇన్‌లో ‘సెలెక్ట్ అయ్యారు, పేపర్ వర్క్ వస్తుంది’ అని నోటిమాట చెబితే దాన్ని ఆఫర్ కింద జమకట్టకూడదు. జీతం, చేరే తేదీ ఉన్న పత్రం వచ్చేదాకా అతను రెండో దారిలోనే ఉన్నట్టు లెక్క.

చెప్పకుండా మానేయడం మాత్రం ఎంత కోపంలోనైనా చేయకూడనిది. రిలీవింగ్ లెటర్ లేకపోతే తర్వాతి కంపెనీ తనిఖీలో ఆగిపోవచ్చు. పీఎఫ్ ఖాతాలో పాత కంపెనీ నిష్క్రమణ తేదీ వేయకపోతే బదిలీ ఇరుక్కుంటుంది. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే యూఏఎన్ పోర్టల్‌లో ఆ తేదీ నమోదు చేసుకునే సదుపాయం ఉంది, కానీ రిలీవింగ్ లెటర్‌కు అలాంటి దారి లేదు. ఆఫీసు మెయిల్, హెచ్‌ఆర్ పోర్టల్ ఆఖరి రోజు సాయంత్రానికే మూసేస్తారు కాబట్టి, గత ఏడాది జీతం స్లిప్పులు, ఫారం 16, నియామక, ఇంక్రిమెంటు పత్రాలు, సెలవుల నిల్వ చూపే పేజీ, రాజీనామా అందిందని హెచ్‌ఆర్ పంపిన జవాబు, ఇవన్నీ నోటీసు మొదటి వారంలోనే సొంత మెయిల్‌కు చేర్చుకోవాలి. ల్యాబు రికార్డుల కాగితం ఒక్కటి కూడా వాటితో పాటు బయటికి రాకూడదు.